బర్డ్ డాగ్, డెడ్ బగ్ చేసిన మర్నాడు నడుము నొప్పి ఎక్కువవుతోందంటే ఎక్కడ చూసుకోవాలి

ప్రశ్న: నడుము పట్టేసి నెల అయింది, ఇప్పుడు చాలావరకు తగ్గింది. మామూలు నొప్పే, బర్డ్ డాగ్, డెడ్ బగ్ చేయండి అన్నారు. ఫోనులో వీడియో చూసి చేస్తున్నాను కానీ మర్నాడు పొద్దున నొప్పి పెరుగుతోంది. మానెయ్యాలా? ఎన్ని చేయాలి?

మానవలసిన అవసరం ఉండకపోవచ్చు, కానీ చేసే తీరు మార్చుకోవాలి. బర్డ్ డాగ్ అంటే చేతులూ మోకాళ్ళూ నేలకు ఆనించి, ఒక కాలినీ దానికి ఎదుటి వైపు చేతినీ చాపడం. డెడ్ బగ్ అంటే వెల్లకిలా పడుకుని, చేతులు ఇంటి కప్పు వైపు చాచి, మోకాళ్ళు మడిచి గాలిలో ఉంచిన కాళ్ళను ఒక్కొక్కటిగా కిందికి దించడం. పోయిన ఏడాది నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది కనుక వివరంగా వ్రాస్తున్నాను. మాది పర్లాకిమిడి, నేను కుట్టుపని చేస్తాను. తానుల మూట ఒకటి వంగి పక్కకు తిప్పుతూ ఎత్తినప్పుడు నడుము పట్టేసింది. వారం రోజులు మంచం దిగడానికి కూడా పక్కకు ఒరిగి, మోచేతి మీద బలం వేసి లేవవలసి వచ్చింది. మూడో వారానికి నడక తేలికైంది. అప్పుడు వీడియో చూసి బర్డ్ డాగ్ మొదలుపెట్టి, కాలు తలకంటే పైకి లేపుతూ ఒక్కో వైపు 15 చొప్పున మూడు విడతలు చేశాను. నాలుగో రోజు పొద్దున ముఖం కడుక్కోవడానికి వంగలేకపోయాను.

బరంపురంలో నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు ముందుగా ఒక మాట చెప్పారు. ఈ రెండు వ్యాయామాలలోనూ కదలవలసినవి చేతులూ కాళ్ళూ మాత్రమే, అవి కదులుతున్నంతసేపూ నడుము కదలకుండా ఉండడమే అసలు పని. కాలు ఎంత పైకి లేచిందన్నది లెక్కలోకి రాదు. తుంటి కీలు వెనక్కి వెళ్ళగలిగినంత వెళ్ళాక కాలు ఇంకా పైకి లేస్తోందంటే, ఆ మిగతా ఎత్తు నడుము వంపు నుంచే వస్తోందని అర్థం. మానుతున్న నడుమును నేను రోజుకు 90 సార్లు అలా విరిచాను.

తప్పు కంటికి కనిపించడానికి మా అమ్మాయి సాయం తీసుకున్నాను. చేతులు భుజాల కింద, మోకాళ్ళు తుంటి కింద ఉండేలా చాప మీద ఆనుకుని, సగం నీళ్ళున్న చిన్న స్టీలు గిన్నెను నడుము మీద, బొడ్డుకు సరిగ్గా వెనక పెట్టించుకున్నాను. ఎడమ కాలు చాపినప్పుడు నీళ్ళు కదలలేదు. కుడి కాలు నేల విడిచిన క్షణంలోనే "అమ్మా, గిన్నె ఎడమ వైపు ఒరుగుతోంది" అంది. శరీర బరువంతా ఎడమ మోకాలి మీదికి జారి, కుడి తుంటి పైకి తిరుగుతోందన్నమాట. ఆ తిరుగుడు నాకు లోపలి నుంచి ఏమాత్రం తెలియలేదు. అందుకే అద్దమో, మనిషో, గిన్నో ఏదో ఒకటి పెట్టుకోమని గట్టిగా చెబుతాను.

దానికి ఫిజియోథెరపిస్టు చేసిన సర్దుబాటు చిన్నదే. కాలు లేపవద్దు, బొటనవేలు చాపను రాస్తూ వెనక్కి జరపండి అన్నారు. మడమతో వెనకనున్న గోడను తోస్తున్నట్లు ఊహించుకోవాలి. నేను తొందరపడినప్పుడల్లా ఒడియాలో "ధీరే, ధీరే" అనేవారు. మొదటి వారం చేయి కూడా లేపలేదు. గిన్నెలో నీళ్ళు నిలకడగా ఉన్నాకే వేలు నేల నుంచి బెత్తెడు ఎత్తు లేపాను, ఆ తరువాతే ఎదుటి చేతిని కలిపాను. గాలిలో ఉంచే సమయం 8 సెకన్లు, మామూలుగా ఊపిరి తీసుకుంటూనే. లెక్క విషయానికొస్తే, ఒక్కో వైపు ముందు 5, కాస్త ఆగి 3, మళ్ళీ ఆగి 1. ఇలా తగ్గించుకుంటూ పోవడం కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద పరిశోధించిన స్టూవర్ట్ మెక్‌గిల్ వలన ప్రచారంలోకి వచ్చిన పద్ధతి. అలసిపోయాక నడుము నిలకడ తప్పుతుంది కనుక, అలసట పెరిగేకొద్దీ సంఖ్య తగ్గుతుంది. బలం వచ్చాక కూడా నిలిపే సమయాన్ని పెంచకుండా సంఖ్యనే పెంచుకోవాలి.

డెడ్ బగ్ పడుకుని చేసేది కనుక సులువని అనుకుంటాం, నాకు మాత్రం అదే కష్టమైంది. తుంటిని ముందుకు మడిచే పెద్ద కండరం ఒకటి నడుము వెన్నుపూసల నుంచే మొదలై తొడ ఎముకకు అతుక్కుంటుంది. వెల్లకిలా పడుకుని, గాలిలో ఉన్న కాలిని కిందికి దించేటప్పుడు ఆ కాలి బరువును ఆపేది ఆ కండరమే, ఆపుతూ అది నడుమును ముందుకు లాగుతుంది. పొట్ట కండరాలు బిగువుగా లేకపోతే నడుము విల్లులా లేస్తుంది. కాలు ఎంత చాపితే లాగుడు అంత ఎక్కువ. కనుక మొదట మోకాలిని మడత విప్పకుండా, తొడను మాత్రమే దించి, మడమతో నేలను తాకించి వెనక్కి తేవాలి. చేతులు పైకి చాచి ఉంచితే చాలు. దించేటప్పుడు నోటితో నెమ్మదిగా గాలి ఊదాలి. ఊపిరి బిగబట్టి చేయవద్దు.

ఇక్కడ గిన్నె పనిచేయదు కనుక తువ్వాలు వాడాను. పలుచని తువ్వాలును మడిచి నడుము కింద ఉన్న చిన్న ఖాళీలో పెట్టి, కాలు దించుతుండగా అంచును మెల్లగా లాగమన్నాను. అది సులువుగా జారి వచ్చిందంటే నడుము లేచినట్లే. వీపును నేలకేసి అదిమిపెట్టనక్కరలేదు, తువ్వాలు మీద బరువు మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే సరిపోతుంది. నాకు మడమ నేలకు జానెడు ఎత్తులో ఉండగానే తువ్వాలు జారేది, కాబట్టి రెండు వారాలు అక్కడి నుంచే వెనక్కి తెచ్చాను. మోకాలు చాపి చేయగలగడానికి ఆరో వారం పట్టింది.

మీకు మర్నాడు పొద్దున నొప్పి పెరుగుతోంది కనుక వేళ కూడా చూసుకోండి. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బి ఉంటాయి కాబట్టి, లేచిన తొలి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. నేను లేవగానే పొట్టి చీపురుతో వాకిలి ఊడ్చి, వెంటనే చాప వేసుకునేదాన్ని. ఊడ్చే పని మా అమ్మాయి అందుకుంది, వ్యాయామం సాయంత్రానికి మార్చుకున్నాను.

చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి అనిపించి కాసేపట్లో తగ్గితే పరవాలేదు. మర్నాటికి ముందటి రోజు కంటే ఎక్కువైతే ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. నొప్పి నడుము నుంచి పిరుదుకో, కాలికో దిగుతుంటే ఆపి వైద్యులకు చూపించుకోండి. పాదం పైకి లేవకపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం రాకపోయినా లేక ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో వచ్చే నొప్పి, కిందపడిన తరువాత వచ్చిన నొప్పి కూడా ఈ వ్యాయామాలతో తగ్గించుకోవలసినవి కావు.

ఇంకొక సంగతి. నడుము కండరాలను నిలకడపరిచే ఇటువంటి వ్యాయామాలు తక్కిన వ్యాయామాలకంటే స్పష్టంగా మెరుగని పరిశోధనల్లో తేలలేదు. నాకు వీటితోపాటు మహేంద్రతనయ నది ఒడ్డున రోజూ అరగంట నడవడం కూడా అంతే మేలు చేసిందని నా నమ్మకం. ఇవి సరిగా చేసినా మీకు పడకపోతే నడకతోనే కొనసాగించవచ్చు.

ముందు వారం రోజులు చేయి లేపకుండా, కాలు నేల మీద జరపడం వరకే చేసి, గిన్నె ఏ వైపు ఒరుగుతోందో గమనించి ఇక్కడే వ్రాయండి. మోకాలు నొక్కుకుంటే కింద దుప్పటి మడత వేసుకోండి, మణికట్టు నొప్పి పుడితే పిడికిళ్ళ మీద ఆనుకోండి.