పవర్ బ్యాంకు వాట్-అవర్ లెక్కలో ఏ వోల్టేజీతో గుణించాలి?

ప్రశ్న: నా దగ్గర 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉంది. వచ్చే నెల ఎమిరేట్స్‌లో హైదరాబాద్ నుంచి దుబాయ్ వెళ్తున్నాను. 100 వాట్-అవర్ల లోపు ఉండాలంటున్నారు. పెట్టె మీద 5, 9, 12 వోల్టులు అని మూడు అంకెలున్నాయి. 5తో గుణిస్తే సరిగ్గా 100, 9తో గుణిస్తే 180 వస్తోంది. ఏది సరైనది? మా బావ తన 30,000 ఎంఏహెచ్ దాన్ని కూడా తెస్తానంటున్నాడు. తేవచ్చా?

జవాబు:

ఆ మూడింటిలో దేనితోనూ గుణించకూడదు. మీ పవర్ బ్యాంకు దాదాపుగా 74 వాట్-అవర్లది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. మీ బావగారిది సుమారు 111 వాట్-అవర్లు అవుతుంది కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచి రమ్మనండి. ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు నా వృత్తి కావడం వల్ల ఇలాంటివి విప్పి చూసే అవసరం తరచుగా పడుతుంది. గల్ఫ్‌లో మావాళ్లు ఉండడం వల్ల శంషాబాద్ తనిఖీ వరుసలో నిలబడే అవసరమూ పడుతుంది. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో అందువల్ల కొంత వివరంగా చెప్పగలను.

సూత్రం ఒక్కటే:

```
Wh = mAh × V ÷ 1000
```

ఇందులో V అంటే ఏ వోల్టేజీ అన్నదే చిక్కు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే 20,000 అనే అంకె లోపలి లిథియం సెల్లుల సామర్థ్యం, అందువల్ల దాన్ని ఆ సెల్లుల వోల్టేజీతోనే గుణించాలి. లిథియం అయాన్ సెల్లు పూర్తిగా నిండినప్పుడు 4.2 వోల్టుల దగ్గర ఉండి, ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దాకా దిగుతుంది. ఈ రెంటికీ నడుమ అది ఎక్కువ సేపు నిలిచే స్థాయిని లెక్క కోసం 3.7 వోల్టులుగా తీసుకుంటారు. 20,000ను 3.7తో గుణించి 1000తో భాగిస్తే 74 వస్తుంది.

మీరు చూసిన 5, 9, 12 వోల్టులు యూఎస్‌బీ రంధ్రం నుంచి బయటికి వచ్చే వోల్టేజీలు. సెల్లు 3.7 వోల్టులే ఇస్తుంది కాబట్టి, ఫోన్‌కు కావలసినంత పెంచడానికి లోపల ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. అది వోల్టేజీని పెంచినప్పుడు మిల్లీయాంప్-అవర్లు ఆ మేరకు తగ్గుతాయి, శక్తి మాత్రం పెరగదు. 9 వోల్టులతో గుణించడమంటే వోల్టేజీ పెరుగుదలను లెక్కలోకి తీసుకుని, మిల్లీయాంప్-అవర్ల తగ్గుదలను వదిలేయడమే. మీకు 180 వచ్చింది అందుకే.

ఇప్పుడు మీ పవర్ బ్యాంకును తిరగేసి, అడుగున బూడిద రంగులో ఉండే సన్నటి అక్షరాలు చూడండి. కంటికి ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. 20,000 రకం మీద సాధారణంగా ఇలాంటి వరుసలు కనిపిస్తాయి:

```
Battery: 20000mAh 3.7V 74Wh
Output: 5V⎓3A, 9V⎓2.22A, 12V⎓1.67A
Rated capacity: 12000mAh (5V⎓3A)
```

మొదటి వరుసలో 74Wh అని ఉంటే లెక్కే అక్కరలేదు, తనిఖీలో చూసేది ఆ అంకెనే. మూడో వరుస చాలామందిని తికమక పెడుతుంది. 20,000 అని కొన్నదాని మీద 12,000 అని ఉండేసరికి మోసపోయామనుకునేవారూ ఉన్నారు, ఆ 12,000ను 3.7తో గుణించి 44 వాట్-అవర్లే అని తేల్చుకునేవారూ ఉన్నారు. రెండూ సరికాదు. ఆ 12,000 అనేది 5 వోల్టుల దగ్గర బయటికి అందే సామర్థ్యం కాబట్టి, 5తో గుణిస్తే 60 వాట్-అవర్లు వస్తాయి. 74కూ 60కీ మధ్య ఉన్న తేడా వోల్టేజీ పెంచే క్రమంలో వేడిగా పోయే భాగం. మీ ఫోన్ ఎన్నిసార్లు నిండుతుందో అంచనా వేయడానికి 60 పనికొస్తుంది. విమాన పరిమితి మాత్రం లోపలి బ్యాటరీకి వర్తించేది, అందువల్ల అక్కడ 74నే చెప్పాలి.

ల్యాప్‌టాప్‌ను కూడా ఛార్జ్ చేసే కొన్ని పెద్ద రకాల్లో సెల్లులను ఒకదాని వెనుక ఒకటిగా, అంటే సిరీస్‌లో కలుపుతారు. 5,000 ఎంఏహెచ్ సెల్లులు నాలుగింటిని పక్కపక్కన కలిపితే 20,000 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అవుతాయి. వాటినే సిరీస్‌లో కలిపితే 5,000 ఎంఏహెచ్, 14.8 వోల్టులు అవుతాయి. రెండు విధాలా 74 వాట్-అవర్లే. కాబట్టి ఎంఏహెచ్ అంకె పక్కన 14.8V అని ముద్రించి ఉంటే 14.8తోనే గుణించాలి, కానీ దానికి జతగా ముద్రించిన 5,000నే తీసుకోవాలి. ఒక వరుసలోని ఎంఏహెచ్‌ను మరో వరుసలోని వోల్టులతో కలపకుండా ఉంటే లెక్క తప్పదు.

పరిమితికి బాగా దగ్గరగా ఉన్నవాటి విషయంలో 3.7 అని గుడ్డిగా వేసుకోవడం మంచిది కాదు. 27,000 ఎంఏహెచ్‌కు 3.7 చొప్పున 99.9 వస్తుంది, అంటే గీతకు ఇవతలే ఉంటుంది. కొన్ని కొత్త సెల్లుల నామమాత్రపు వోల్టేజీ 3.85 కాబట్టి, అవి వాడినదైతే అదే 27,000 దాదాపు 104 వాట్-అవర్లు అవుతుంది. 20,000 దగ్గర 3.7 వేసినా 3.85 వేసినా 74, 77 అంతే, నిర్ణయం మారదు. 26,000 దాటినవి కొనేటప్పుడు మాత్రం వాట్-అవర్ల అంకె స్పష్టంగా ముద్రించి ఉంటేనే తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక మీ బావగారి 30,000 సంగతి. 3.7 చొప్పున అది 111 వాట్-అవర్లు. 100కూ 160కీ మధ్య ఉన్నవాటిని విమాన సంస్థ ముందస్తు అనుమతితో తీసుకెళ్లవచ్చునన్నది చాలా సంస్థలు పాటించే అంతర్జాతీయ నిబంధన. 160 దాటితే ప్రయాణికులకు అసలు కుదరదు. అయితే ఎమిరేట్స్ 2025 అక్టోబర్ 1 నుంచి ఒక్కొక్కరికి 100 వాట్-అవర్లకు లోపున్న ఒక్క పవర్ బ్యాంకునే అనుమతిస్తోంది, దాన్ని కూడా విమానంలో వాడనివ్వదు. కాబట్టి అక్కడ 111కు చోటు లేదు. ఈ నియమాలు తరచూ మారుతున్నాయి కనుక, బయలుదేరే వారంలో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మరోసారి చూసుకోండి.

అంకె ఎంత తక్కువున్నా అది కనబడకపోతే ఇబ్బందే. ఒకసారి వరుసలో నా ముందున్న ఆయన పవర్ బ్యాంకు చిన్నదే, బహుశా 10,000 రకం, అంటే 37 వాట్-అవర్లది. కానీ జేబులో అరిగి అరిగి అడుగున అక్షరాలన్నీ చెరిగిపోయాయి. సామర్థ్యం ఎంతో తెలియనిదాన్ని పంపించలేమని దాన్ని పక్కన పెట్టేశారు. ఆయన నోటితో ఎంత లెక్క చెప్పినా అక్కడ చెల్లలేదు. మీది కూడా మసకబారి ఉంటే దాన్ని మార్చేయడం ఉత్తమం. బాగా కనిపిస్తుంటే చేతి సంచిలోనే పెట్టుకోండి, లోపలికి పంపే సూట్‌కేసులో మాత్రం పెట్టకండి. విమానం ఎక్కాక పైనున్న అరలో కాకుండా ముందు సీటు జేబులోనో, సీటు కింద ఉన్న సంచిలోనో ఉంచాలి.