రెడీమేడ్ ప్రాజెక్టు కొనేముందు మీ చెరువు సమస్య రాయించండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల్లో వనామీ చేస్తున్నాను. మా అబ్బాయి బీటెక్ ఈసీఈ ఆఖరి సంవత్సరం. చెరువు కష్టం వాడికొద్దని ఏనాడూ గట్టెక్కనివ్వలేదు. ‘ఏఐ ఆధారిత స్మార్ట్ ఆక్వా వ్యవస్థ, రొయ్యల వ్యాధుల ముందస్తు గుర్తింపు’ అని ప్రాజెక్టు ప్రపోజల్ ఇస్తే కాలేజీలో రెండుసార్లు తిప్పి పంపారు. సమస్య స్పష్టంగా లేదు, బడ్జెట్ లేదు, రిస్కులు రాయలేదు అన్నారట. వాడు సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. రిపోర్టుతో సహా పాతిక వేలకు చేసిస్తామని ఒకళ్లు ఫోన్ చేశారు. కొనెయ్యమంటారా, వాడినే చెయ్యమంటారా? ఏఐ లేకపోతే ఉద్యోగం రాదంటున్నారు, నిజమేనా?

జవాబు: కొనకండి. ప్రపోజల్ రెండుసార్లు వెనక్కి రావడం వల్ల సంవత్సరం పోదు, డిగ్రీ ఆగదు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒక్కసారికే ఆమోదం పొందినవాళ్లు తక్కువ. పైగా గైడ్ మీవాడికి ఫలానాది లేదని విడమరచి చెప్పారు. అంటే ఆయన చదివారన్నమాట. ఈ మాట ముందు అబ్బాయికి చెప్పి అన్నం తినమనండి.

ఇప్పుడు ఏఐ సంగతి. ఈ మాట మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. వ్యాధిని ముందే చెప్పే ప్రోగ్రామ్ నేర్చుకోవాలంటే దానికి పాత అనుభవం కావాలి. వ్యాధి వచ్చిన చెరువులు, రాని చెరువులు, రెండింటి రోజువారీ నీటి లెక్కలు, దాంతోపాటు ఫలానా రోజున ఫలానా జబ్బు అని ల్యాబ్ పీసీఆర్ పరీక్షలో తేలిన ఫలితాలు. అవి కొన్ని వందల పంటలవైనా ఉండాలి. మీ చెరువులో ఒక పంటకు నాలుగు నెలలు పడుతుంది. ఆ నాలుగు నెలల్లో వైట్ స్పాట్ జబ్బు వస్తే ఒక్కసారి వస్తుంది, లేకపోతే రాదు. ఆ ఒక్క సంఘటనతో ఏ యంత్రమూ ఏమీ నేర్చుకోలేదు. అందుకని పిల్లలు ఎక్కడో బల్ల మీద పెట్టి తీసిన రొయ్యల ఫొటోలు దించుకుని, 98 శాతం కరెక్టుగా గుర్తుపట్టిందని రాసేస్తారు. డొప్ప మీద తెల్ల మచ్చలు కంటికి కనబడే సరికి చెరువు సంగతేమవుతుందో మీకు నేను చెప్పాలా? వైట్ స్పాట్ సోకితే మూడు నుంచి పది రోజుల్లో చెరువంతా పోవచ్చు. అప్పుడు ఫొటో తీసి జబ్బు పేరు చెప్పడం ముందస్తు గుర్తింపు ఎలా అవుతుంది? ఇంటర్వ్యూలో కాస్త తెలిసినవాళ్లు ఎవరైనా అడిగేవి రెండే: డేటా ఎక్కడిది, ఎలా పరీక్షించావు? ఏఐ అనే మాట రెజ్యూమ్‌లో ఉన్నంత మాత్రాన ఈ ప్రశ్నలు తప్పవు. కొన్న ప్రాజెక్టుతో వెళ్లినవాడు మొదటిదాని దగ్గరే ఆగిపోతాడు.

ఇక మిమ్మల్నొక మాట అనాలి, కోపం తెచ్చుకోకండి. నాలుగెకరాల ప్రయోగశాల మీ ఇంటి వెనక ఉంది. అందులో ఏ రాత్రి ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఆ తెలిసినదంతా మీ దగ్గరే పెట్టుకుని, వాణ్ని గదిలో కూర్చోబెట్టి, ఆక్వా మీద ప్రాజెక్టు రాయమన్నారు. గట్టెక్కనివ్వకపోవడం ప్రేమే కావచ్చు. కానీ ఈ ప్రపోజల్ వెనక్కి రావడంలో సగం భాగం మీది. ఈ వారమే ఒక రాత్రి వాణ్ని చెరువు దగ్గర పడుకోనివ్వండి.

అక్కడ వాడికి ఏం కనబడుతుందంటే: పొద్దుగూకాక నీటిలోని నాచు ఆక్సిజన్ తయారుచేయడం ఆపేసి, అదీ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు వస్తుంది. నాలుగు పీపీఎం కిందికి దిగితే రొయ్య ఇబ్బంది పడుతుంది. ఆ గంటల్లో చెరువును నిలబెట్టేవి నీటిలో గాలి కలిపే ఏరేటర్లే. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే కాపలా మనిషి లేచి జనరేటర్ వేస్తాడు. మూడు ఫేజుల్లో ఒక్కటే పోతే? దీపం వెలుగుతూనే ఉంటుంది, మోటారు మూలుగుతూ ఉంటుంది, మనిషికి మెలకువ రాదు. రొయ్యలు పైకి తేలాక గాని తెలియదు. మోటారు కాలిపోతే అది వేరే నష్టం.

సమస్య ఇదని రాయించండి. ప్రపోజల్‌లో మొదటి పేరా ఇలా ఉంటే చాలు: “వనామీ చెరువులో రాత్రి 11 నుంచి ఉదయం 6 మధ్య కరెంటు పోవడం వల్ల గాని, ఒక ఫేజ్ పోవడం వల్ల గాని ఏరేటర్ ఆగితే, కాపలా మనిషి గమనించేదాకా రైతుకు తెలిసే మార్గం లేదు. ఎక్కువ రొయ్య పిల్ల వేసిన చెరువులో గంటా రెండు గంటల ఆలస్యం కూడా పంటకు ప్రమాదం.” ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ, ఏ నష్టం, ఇప్పుడు ఏం లోపించింది, అన్నీ ఇందులో వచ్చాయి. ఏ పరికరం వాడతామో ఇక్కడ రాయకూడదు. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పరిష్కారం పేరునే సమస్యగా రాస్తారు. ‘ఏఐ వ్యవస్థ లేకపోవడం’ సమస్య ఎప్పటికీ కాదు.

లక్ష్యాలు కొలవగలిగేవిగా ఉండాలి. ‘రైతులకు మేలు చేయడం’ అని రాస్తే గైడ్ మళ్లీ ఎర్ర గీత గీస్తారు. ఏరేటర్ ఆగిన రెండు నిమిషాల్లోపు ముగ్గురి ఫోన్లు మోగాలి. పూర్తిగా కరెంటు పోయిందా, ఒక ఫేజే పోయిందా అన్నది మెసేజ్‌లో విడిగా రావాలి. కరెంటు లేకపోయినా పరికరం ఆరు గంటలు బ్యాటరీ మీద నడవాలి. పదిహేను రాత్రుల్లో ఉత్తుత్తి కాల్ ఒకటికి మించకూడదు. ఈ నాలుగూ చాలు. ప్రతిదాని పక్కన ఎలా పరీక్షిస్తారో ఒక వాక్యం రాయాలి. ఉదాహరణకు మొదటిదానికి, మధ్యాహ్నం ఎండలో, ఆక్సిజన్ బాగా ఉన్న వేళ, మీరు పక్కనుండగా ఏరేటర్‌ను రెండు మూడు నిమిషాలు కావాలని ఆపి టైమ్ చూడాలి, అలా ఇరవై సార్లు.

స్కోప్‌లో చేసేదానికంటే చేయనిది ముఖ్యం. ఒక చెరువు, ఒక ఏరేటర్ స్టార్టర్. ఆక్సిజన్ కొలవం, జబ్బు చెప్పం, జనరేటర్‌ను దానంతటదే వేయించం. ఆక్సిజన్ ఎందుకు కొలవమో కూడా రాయాలి. ఆ సెన్సర్ ఖరీదైనది, పైగా చెరువు నీళ్లలో నాచు పట్టి కొద్ది రోజులకే తప్పుడు అంకెలు చూపిస్తుంది, తరచూ శుభ్రం చేసి సరిచూసుకోవాలి. ఈ కారణం చూపించినవాడికి ‘ఇంత చిన్నదా’ అనే ప్రశ్న రాదు. వచ్చినా జవాబుంటుంది.

ఫేజ్ పోయిందని కనిపెట్టడానికి వోల్టేజ్ చూస్తే చాలదా అని మీవాడు అడుగుతాడు, అడగాలి కూడా. తిరుగుతున్న మూడు ఫేజుల మోటారు, పోయిన ఫేజ్ వైపు కూడా కొంత వోల్టేజ్ తానే పుట్టిస్తుంది. వోల్టేజ్ చూసే పరికరం అక్కడ మోసపోవచ్చు. తీగల్లో పారే కరెంటు కొలిస్తే పోయిన ఫేజ్ తీగలో సున్నా అవుతుంది, మిగతా రెండింటిలో పెరుగుతుంది. అందుకే తీగ చుట్టూ బిగించే కరెంటు సెన్సర్లు మూడు కావాలి, ఒక్కో ఫేజ్ తీగకు ఒక్కోటి. మూడు తీగలున్న కేబుల్ మొత్తానికి కలిపి ఒకటి బిగిస్తే కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఎప్పుడూ దాదాపు సున్నా చూపిస్తుంది. చాలామంది అలా బిగించి, సెన్సర్ పాడైందనుకుంటారు.

బడ్జెట్‌కు నా అంచనా చెబుతాను. ఈ ధరలు కొట్లో కనుక్కుని సరిచేసుకోవాలి. పరికరాన్ని నడిపే ఈఎస్‌పీ32 బోర్డు 500, ఫోన్ కాల్ చేసే జీఎస్ఎం మాడ్యూల్ 500, మూడు సెన్సర్లు 1,500, బ్యాటరీ, ఛార్జింగ్ బోర్డు 600, వాన నీళ్లు దూరని పెట్టె, తీగలు 700, సిమ్ రీఛార్జ్ 600. మొత్తం 4,400. దీనికి అదనంగా ఒక మాడ్యూల్, ఒక సెన్సర్ విడిగా కొనిపెట్టుకోవడానికి 1,000, ఆపైన పది శాతం చేతిలో ఉంచుకోవడానికి 540. అంతా కలిపి 5,940. రెడీమేడ్ వాళ్లడిగిన దాంట్లో నాలుగో వంతు కూడా కాదు. విడి భాగాలు, చేతి నిల్వ లేని బడ్జెట్‌ను ఏ ప్యానెలూ నమ్మదు.

టైమ్‌లైన్‌లో కాలేజీ క్యాలెండర్ ఒక్కటే చూసుకుంటే దెబ్బతింటారు. మన వైపు సంక్రాంతికి ముందూ వెనకా వారం పదిరోజులు ఏ పనీ జరగదు, కొరియర్ కూడా నమ్మకం లేదు. సామాను డిసెంబర్ ఇరవై లోపు చేతిలో ఉండాలి. జనవరి ఆఖరుకు కాలేజీ ల్యాబ్‌లో మోటారు మీద పరీక్ష అయిపోవాలి. చెరువు మీద బిగింపు ఫిబ్రవరిలో, పదిహేను రాత్రుల పరీక్ష మార్చిలో, ఏప్రిల్ రిపోర్టుకు. కానీ ఇదంతా మీరు పిల్ల ఎప్పుడు వేస్తారన్న దాని మీద ఉంది. చలికాలంలో చెరువు ఎండబెట్టి ఉంటే ఏరేటర్ తిరగదు, పరీక్షా లేదు. ఆ తేదీ ఇవాళే వాడికి చెప్పండి. మీది కుదరకపోతే పక్క రైతును అడిగిపెట్టండి.

రిస్కుల్లో ‘సాంకేతిక సమస్యలు రావచ్చు’ అని రాస్తే రాయనట్టే. ఏం జరగొచ్చు, ముందుగా ఎలా తెలుస్తుంది, అప్పుడేం చేస్తాం అని రాయాలి. చవగ్గా దొరికే సిమ్800ఎల్ లాంటి మాడ్యూల్ 2జీ మీదే పనిచేస్తుంది. జియో సిమ్ వేస్తే అసలు నెట్‌వర్క్ పట్టదు. మొదటి వారంలోనే వేరే కంపెనీ సిమ్‌ను పాత బటన్ ఫోన్లో వేసి, స్టార్టర్ దగ్గర నిలబడి కాల్ చేసి చూడాలి. అందకపోతే 4జీ మాడ్యూల్, దానికి తగ్గట్టు బడ్జెట్ మారుతుంది. అదే మాడ్యూల్ సిగ్నల్ పంపేటప్పుడు క్షణకాలం రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బ్యాటరీ తీగలు సన్నగా ఉంటే కాల్ మధ్యలో ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ప్రోగ్రామ్‌లో తప్పుందని పిల్లలు వారాల తరబడి వెతుకుతారు, తప్పు తీగల్లో ఉంటుంది. మూడో రిస్కు పరికరమే చచ్చిపోవడం. అప్పుడు ఏ కాలూ రాదు, అంతా బాగుందనుకుంటాం. అందుకే రోజూ రాత్రి పదింటికి ‘పనిచేస్తున్నాను’ అని ఒక మెసేజ్ రావాలి. అది రాని రాత్రి కాపలా మనిషిని మేలుకోమని చెప్పాలి.

చివరిగా మీరు చేయాల్సిన పనులు రెండు. మీ చెరువు మీద పరీక్షించుకోవడానికి అనుమతిస్తూ మీరే సంతకం చేసిన కాగితం ప్రపోజల్‌కు జత చేయండి. స్టార్టర్ పెట్టెలో సెన్సర్లు మెయిన్ ఆపించి, మీ ఎలక్ట్రీషియన్ చేత మాత్రమే బిగించండి. అబ్బాయి పక్కన నిలబడి ఏ తీగ ఏ ఫేజో రాసుకుంటే చాలు. అది 415 వోల్టులు, గట్టు మీద నేల ఎప్పుడూ తడే.