ఫిర్యాదు ఉత్తరం రాయలేని అబ్బాయిని ఉద్యోగం మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, ఏడాదిగా ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాడు. అక్కడ కొత్తగా కొన్న జనరేటరు నెల రోజులుగా మొరాయిస్తోంది. సర్వీసువాళ్లు సరిగా పట్టించుకోవడం లేదు. ఆ కంపెనీ రీజనల్ హెడ్‌కు ఉత్తరం రాయమని యజమాని మావాడికి అప్పగిస్తే, రెండుసార్లు రాసి చింపేశాడు. మూడోది పంపకుండా దాచుకున్నాడు. ఈపాటి పని చేతకానివాడు ఇక్కడ ఏం పైకి వస్తాడు? హైదరాబాదు పంపి డేటా సైన్సు కోర్సు చేయిద్దామనుకుంటున్నాం. ఏది మేలు? వాడి ఉత్తరం, సర్వీసు కాగితాలు జతచేశాను.
– ఒక తండ్రి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అయ్యా, మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. ఉత్తరం కంటే ముందు నా కంటబడింది రెండో సర్వీసు రిపోర్టు వెనకవైపు. అక్కడ మీ అబ్బాయి పెన్సిలుతో మూడు అంకెలు రాసుకున్నాడు: 108, 111, 109. పక్కన ‘30 ఏరేటర్లు, రాత్రి 2 గం.’ అని ఉంది. చెరువు నీటిలో గాలి కలిపే ఆ ఏరేటర్లన్నీ నడుస్తుంటే జనరేటరు మీద మూడు ఫేజుల్లో ఎంత కరెంటు లాగుతోందో ఎవరూ అడగకపోయినా కొలిచి పెట్టుకున్నాడన్నమాట. ఈ అలవాటున్న కుర్రాడిని మీరు చేతకానివాడంటున్నారు.

అతని ఉత్తరంలో మాత్రం ఈ అంకెలు లేవు. ‘ఎన్నిసార్లు ఫోను చేసినా స్పందన లేదు’ అని మొదలై, ‘లక్షల్లో నష్టం’ దాకా వెళ్లి, ‘కొత్త జనరేటరు ఇవ్వకపోతే వినియోగదారుల కోర్టుకు వెళ్తాం’ అని ముగుస్తుంది. మధ్యలో ‘మా నాన్నగారు కూడా మీ సర్వీసు మేనేజరుతో గట్టిగా మాట్లాడారు’ అని ఒక వాక్యం ఉంది. చదివి కాసేపు ఆగిపోయాను. ఇరవై రెండేళ్ల ఉద్యోగి తరఫున తండ్రి ఫోను చేసి సరఫరా కంపెనీవాళ్ల మీద కేకలేయడం ఏమిటండీ? యజమాని పని అప్పగించింది అతనికి, మీకు కాదు. ఆ ఫోను తర్వాత సర్వీసు మేనేజరుకు అది జనరేటరు సమస్యగా మిగల్లేదు, మీతో తగవు అయింది. ఆ వాక్యం ముందు కొట్టేయించండి.

అతను ఉత్తరాలు ఎందుకు చింపేస్తున్నాడో అతని కాగితాల్లోనే తెలుస్తోంది. ఒకచోట ‘మెకానిక్ పేరు రాయాలా?’ అని తనకు తానే ప్రశ్న వేసుకున్నాడు. పైవాళ్లకు రాస్తే కింద ఉన్న మెకానిక్ ఉద్యోగానికి ముప్పు వస్తుందేమో, రేపు మళ్లీ అర్ధరాత్రి అతన్నే పిలవాలి కదా అన్నది అతని భయం. నా దగ్గరకు వచ్చే కుర్రాళ్లలో చాలామందికి ఇదే భయం. అది పిరికితనం కాదు, నలుగురితో పనిచేయాల్సినవాడికి ఉండాల్సిన జాగ్రత్తే. దానికి ఉపాయం కూడా కష్టమైనది కాదు. మెకానిక్ పేరు రాయనక్కరలేదు. ఏ తేదీన వచ్చారు, ఏ భాగం మార్చారు, తర్వాత ఏమైంది అన్నవి చాలు. ఉత్తరం పంపే ముందు రోజు సర్వీసు ఇన్‌ఛార్జికి ఫోను చేసి, ‘రేపు పైకి రాస్తున్నాం, మీకూ ప్రతి పంపుతాం’ అని చెప్పాలి. రీజనల్ హెడ్ ఈమెయిలు కూడా ఆయన్నే అడగవచ్చు. చెప్పి చేసిన ఫిర్యాదును చాడీ అనరు.

ఇక ఉత్తరం సంగతి. రీజనల్ హెడ్‌కు మీ చెరువు తెలియదు. ఆయన ముందున్న కంప్యూటర్‌లో కనిపించేది కంప్లైంటు నంబరు, దాని పక్కన ‘పరిష్కరించాం’ అన్న మాట. మెకానిక్ రెండోసారి వచ్చి జనరేటరు థర్మోస్టాట్ మార్చిన మర్నాడే, జూలై 16న, కంప్లైంటు మూసేసినట్టు మీ అబ్బాయి ఫోనుకు సందేశం వచ్చింది. దాని ఫోటో మీరు పంపినవాటిలో ఉంది. అంటే ఆయన లెక్కలో మీకు సమస్యే లేదు. అందుకే ఉత్తరం మొదటి వాక్యం ఆ మూసిన నంబరు గురించే ఉండాలి. కోపం, బాధ, పరిచయం ఏవీ దానికి ముందు రాకూడదు. మీరు పంపిన కాగితాల్లోంచే కూర్చి చూపిస్తాను. చివరికి ఇంగ్లీషులోనే పంపుతాడనుకుంటాను, కానీ ముందు ఇలా తెలుగులో రాసుకుంటే వాక్యాలు తిన్నగా వస్తాయి.

‘మీ రికార్డులో జూలై 16న మూసిన మా కంప్లైంటులోని లోపం ఇంకా అలాగే ఉంది. 125 కేవీఏ జనరేటరు లోడు మీద సుమారు 40 నిమిషాలు నడిచాక కూలెంట్ వేడెక్కిందని హెచ్చరిక చూపి దానంతటదే ఆగిపోతోంది. వారంటీ అమలులో ఉంది.

జూలై 3: మొదటి ఫిర్యాదు.
జూలై 6: సందర్శన, కూలెంట్ నింపారు. అవర్ మీటరు 212.
జూలై 9, తెల్లవారుజామున 2.40: మళ్లీ ఆగింది. అవర్ మీటరు 221.
జూలై 15: రెండో సందర్శన, థర్మోస్టాట్ మార్చారు. అవర్ మీటరు 238.
జూలై 19, రాత్రి: మళ్లీ ఆగింది. అవర్ మీటరు 251.
జూలై 22: ఫోనులో తెలియజేశాం. ఓవర్‌లోడు కారణమని మౌఖికంగా చెప్పారు. సందర్శన జరగలేదు.’

ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు చూడండి. అవర్ మీటరు అంకె ఎందుకంటే, తేదీ గురించి ఎవరైనా వాదించవచ్చు గానీ యంత్రం మీద తిరిగిన గంటలతో వాదన పెట్టుకోలేరు. రెండు సర్వీసు రిపోర్టుల్లోనూ వాళ్ల చేతిరాతలోనే అదే అంకె ఉంది. థర్మోస్టాట్ మార్చాక 13 గంటలు నడిచేలోపే లోపం తిరిగివచ్చిందని ఆయన తానే లెక్క కట్టుకుంటాడు.

తర్వాతి పేరా ఓవర్‌లోడు మాటకు జవాబు. పెన్సిలు అంకెలకు అక్కడ చోటు. 415 వోల్టుల దగ్గర 125 కేవీఏ జనరేటరు పూర్తి సామర్థ్యం సుమారు 174 ఆంపియర్లు. మీవాడు కొలిచింది 110 దగ్గర, అంటే 63 శాతం. రెండు హార్స్‌పవర్ ఏరేటరు ఒక్కోటి సుమారు మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి 30 ఏరేటర్లకు ఆ లెక్క సరిపోతుంది కూడా. అన్నీ ఒకేసారి వేస్తే మొదట్లో కరెంటు ఎక్కువ లాగే మాట నిజమే. కానీ ఆ దెబ్బకు ఆగేదైతే వేసిన క్షణాల్లోనే ఆగాలి, 40 నిమిషాలు నడిచి కాదు.

అయితే ఇక్కడ మీ అబ్బాయిని ఒక రోజు ఆపుతాను. ఫోటోలో ఆ జనరేటరు రేకుల షెడ్డులో ఉంది, వాన కొట్టకుండా ఒక పక్క టార్పాలిన్ దించి ఉంది. రేడియేటరు బయటికి నెట్టే వేడిగాలి ఆ పట్టాకు తగిలి వెనక్కి తిరిగి, మళ్లీ లోపలికే వెళ్తుంటే, 63 శాతం లోడు మీద కూడా ఇంజను వేడెక్కుతుంది. అప్పుడు తప్పు మన షెడ్డుది. దీన్ని తేల్చుకోవడం తేలికే. లోడు మీద అరగంట నడిపి, గాలి లోపలికి వెళ్లే చోట ఒక థర్మామీటరు, షెడ్డు బయట నీడలో ఇంకొకటి పెట్టి చూడాలి. తేడా రెండు మూడు డిగ్రీలైతే షెడ్డు మీద అనుమానం అక్కరలేదు. పది డిగ్రీలు దాటితే పట్టా ఎత్తి మళ్లీ నడిపి చూడాలి. అప్పుడు ఆగకపోతే ఉత్తరం అవసరమే లేదు. ఆగితే, ‘పట్టా తీసి నడిపినా ఆగింది’ అన్న వాక్యం ఉత్తరంలో అన్నిటికంటే బలమైనది అవుతుంది. వచ్చే ఇంజనీరు మొదట వేలు పెట్టి చూపేది ఆ పట్టానే.

నష్టం గురించి కూడా కొలిచినదే రాయాలి. జూలై 19 రాత్రి 25 నిమిషాలు ఏరేటర్లు ఆగాయని, చెరువు నీటిలో ప్రాణవాయువు 2.6 పీపీఎంకు పడిందని లాగ్ పుస్తకంలో ఉంది. నాలుగుకు తగ్గకుండా చూసుకునే చోట 2.6 అంటే ఏమిటో డెల్టాలో జనరేటర్లు అమ్మేవాడికి విడమరచి చెప్పనక్కరలేదు. ‘లక్షల్లో నష్టం’ అని రాస్తే మాత్రం కాగితం చూపమంటారు. మీ దగ్గర ఉందా?

కోర్టు మాట తీసేయమనండి. వ్యాపారం కోసం కొన్న వస్తువు విషయంలో కొన్నవాడు వినియోగదారు అవుతాడా అన్నదే 2019 చట్టం కింద మొదటి చిక్కు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునేవాళ్లకు మినహాయింపు ఉంది గానీ, జీతగాళ్లను పెట్టుకుని నడిపే చెరువులకు అది వర్తిస్తుందని చెప్పలేం. ఉత్త బెదిరింపు చూసిన అధికారి ఆ కాగితాన్ని న్యాయ విభాగానికి తోసేసి చేతులు దులుపుకుంటాడు. కొత్త జనరేటరు కావాలని అడగడం కూడా తొందరపాటే, అది ఆయన ఒక్కరి చేతిలో ఉండేది కాదు. ఆయన చేతిలో ఉన్నవి అడగాలి: ఫలానా తేదీలోపు తయారీ కంపెనీ సీనియర్ ఇంజనీరును పంపి, గంటసేపు లోడు మీద నడిపి చూడడం, లోపానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వడం, అప్పటిదాకా బదులు జనరేటరు ఏర్పాటు చేయడం. మూడో కోరిక తీరకపోయినా మొదటి రెండూ కాదనడం కష్టం. ఇన్వాయిసు, ప్రారంభ రిపోర్టు, రెండు సర్వీసు రిపోర్టులు, ప్యానెల్ మీద హెచ్చరిక ఫోటో జతచేస్తే చాలు.

డేటా సైన్సుతో పోల్చి చెబుతానని ఎదురుచూస్తున్నారేమో. నా అనుమానాలు దాచుకోను. మూడు నాలుగు నెలల కోర్సు తర్వాత ఉద్యోగం ఖాయమని అమీర్‌పేట గోడల మీద రాసి ఉంటుంది. అక్కడికి వెళ్లి తిరిగివచ్చిన డిప్లొమా పిల్లలు నా ఎదుట కూర్చుని, సంస్థలు డిగ్రీ అడిగాయని, స్టాటిస్టిక్స్ అడిగాయని చెబుతుంటారు. ఫీజు కట్టే ముందు రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘ప్లేస్‌మెంట్ సహాయం’ అని ఉందో, ‘ఉద్యోగం’ అని ఉందో చదవండి. ఆ రెండూ ఒకటి కాదు. అతనికి లెక్కల మీద నిజంగా మనసుంటే ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరే దారి ఉండనే ఉంది. కానీ మీ ప్రశ్నలో అతనికి ఏం కావాలో ఒక్క ముక్క లేదు. ‘చేయిద్దామనుకుంటున్నాం’ అనే ఉంది. మీరిద్దరూ అనుకున్నారు సరే, వాడిని అడిగారా?

నన్నడిగితే ఇంకో ఏడాది అక్కడే ఉండనివ్వండి. యంత్రాన్ని కొలిచి, కొలిచినది కాగితం మీద పెట్టగలవాడికి జనరేటర్లు, ఏరేటర్లు అమ్మే కంపెనీల సర్వీసు విభాగాల్లోనూ చోటుంటుంది. ఈ ఉత్తరం అవతల ఉన్న కుర్చీ కూడా అలాంటిదే.

ఉత్తరం వెళ్లాక రెండు పనిదినాలు చూసి, మూడో రోజు ఉదయం మీ అబ్బాయే రీజనల్ ఆఫీసుకు ఫోను చేసి, అందిందా అని మాత్రం అడగాలి. వాళ్లు చెప్పినది, చెప్పినవారి హోదా, సమయం అదే ఈమెయిలుకు జవాబుగా రెండు వాక్యాల్లో రాసి పంపాలి. ఉత్తరంలో అడిగిన తేదీ దాటినా ఇంజనీరు రాకపోతే, అదే ఈమెయిలును మొత్తంగా కంపెనీ ప్రధాన కార్యాలయానికి పంపడం తర్వాతి మెట్టు. కొత్తగా ఏమీ రాయనక్కరలేదు, తేదీల జాబితాకు కింద ఇంకో వరుస చేరుతుంది, అంతే. ఈ రోజుల్లో మీరు మాత్రం దయచేసి ఆ సర్వీసు మేనేజరుకు ఫోను చేయకండి.