లిథియం వేసుకునేవాళ్లకి చేతి వణుకు ఎప్పుడు ప్రమాదం?

ప్రశ్న: మా తమ్ముడికి బైపోలార్ అని నెల క్రితం లిథియం మొదలుపెట్టారు. చేతులు సన్నగా వణుకుతున్నాయి, ఊరికే దాహం అంటున్నాడు. ఒంట్లో మందు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

జవాబు: నేను 9 ఏళ్లుగా వేసుకుంటున్నాను. వేళ్ల చివర సన్నటి వణుకు, దాహం, ఎక్కువసార్లు మూత్రం రావడం మామూలు మోతాదులోనూ ఉంటాయి. కాఫీ ఎక్కువైన రోజు నాకు వణుకు ఇంకాస్త పెరుగుతుంది. ఇవి డాక్టరుగారికి చెప్పండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి.

ప్రమాదపు వణుకు ఎలా ఉంటుందో ఒక మే నెలలో చూశాను. పెళ్లి భోజనం పడక రెండు రోజులు విరేచనాలు. దానికితోడు మోకాలి నొప్పికని మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి తెచ్చుకున్నాను. లిథియం ఒక్క పూటా మానలేదు, మానకూడదని అంతగా చెప్పారు కదా! మూడో రోజుకి గ్లాసులో నీళ్లు ఒలికిపోయేంతగా చేతులు కొట్టుకున్నాయి. మాట ముద్దగా వచ్చింది, గుమ్మం దాటబోయి తూలాను. పక్కింటాయన నేను తాగానేమో అనుకున్నాడు. ఆసుపత్రిలో రక్తం పరీక్షిస్తే లిథియం లెవెల్ 1.9. అంతకుముందు 0.7 దగ్గర ఉండేది. లిథియం ఆపి, సెలైన్ పెట్టి, లెవెల్ మళ్లీ మళ్లీ చూశారు. నాలుగు రోజులకి ఇంటికి పంపారు.

ఎందుకలా అయిందో అక్కడి డాక్టరుగారు చెప్పారు. ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ ఉప్పుని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటుంది. లిథియాన్ని కూడా ఉప్పులాగే లాక్కుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీ నుంచి లిథియం బయటికి పోవడాన్ని తగ్గిస్తాయి. కొన్ని బీపీ మాత్రలూ అంతే. అందుకే ఇప్పుడు ఏ షాపులోనైనా ముందు "లిథియం వాడుతున్నా" అంటాను. నొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకుంటాను.

తమ్ముడిని రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగమనండి. ఎండలో తిరిగితే ఇంకాస్త ఎక్కువ. ఉన్నట్టుండి ఉప్పులేని పథ్యం మొదలుపెట్టొద్దు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగిస్తూ, తర్వాతి మాత్ర వేయాలా వద్దా అని ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. పెద్ద వణుకు, తూలడం, మాట తడబడడం, మగతగా ఉండడం, కండరాలు ఎగరడం కనిపిస్తే మాత్ర ఆపి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. రిపోర్టు కోసం ఆగొద్దు. చాలాకాలంగా వేసుకునేవాళ్లలో అంకె పెద్దగా లేకపోయినా విషప్రభావం ఉండొచ్చు.

లెవెల్ పరీక్షకి రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి. పొద్దుటి మాత్ర రక్తం ఇచ్చాకే. ఒకసారి నేను వేసుకుని వెళ్తే 1.1 చూపించి అందర్నీ కంగారుపెట్టింది. రోజూ వేసుకునే మోతాదులో చాలామందికి 0.6 నుంచి 0.8 మధ్య ఉంచుతారు. మొదట్లో పరీక్ష తరచుగా ఉంటుంది, కుదురుకున్నాక మూడు నుంచి ఆరు నెలలకోసారి. ఆరు నెలలకోసారి క్రియాటినిన్, థైరాయిడ్ కూడా రాయించుకోండి. నాకు నాలుగో ఏట థైరాయిడ్ తగ్గిందని అలాగే బయటపడింది. దానికి ఇంకో మాత్ర కలిపారు, లిథియం కొనసాగుతోంది.