38 సైకిల్సే అయ్యాయి, మరి బ్యాటరీ ఎందుకు పోయింది?

ప్రశ్న: నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర నాకు ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు ఉంది, నేనే నడుపుకుంటాను. అక్టోబరులో కొన్న ల్యాప్‌టాప్ రోజంతా ఛార్జర్‌కే ఉంటుంది. కరెంటు పోతే మొదట్లో రెండు గంటలు వచ్చేది, ఇప్పుడు గంట కూడా కష్టమే. ఏడాది వారంటీ ఇంకా రెండు నెలలుంది. సర్వీస్ సెంటర్ వాళ్లు ‘ఎప్పుడూ ప్లగ్‌లోనే పెట్టారు, తప్పు మీదే’ అంటున్నారు. బ్యాటరీ రిపోర్టులో 38 సైకిల్సే ఉన్నాయి, జత చేశాను. వాడని బ్యాటరీ ఎలా పాడవుతుంది సార్? కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ‘38 సైకిల్సే’ అన్న వాదన మీద మాత్రం కేసు నిలబెట్టకండి. ఎదుటి లాయరు మొదట కొట్టేది దాన్నే.

లిథియం సెల్ రెండు రకాలుగా ముసలిదవుతుంది. ఛార్జ్ ఎక్కి దిగినప్పుడల్లా జరిగే అరుగుదల సైకిల్ ఏజింగ్. మొత్తం మీద నూరు శాతం ఛార్జ్ వాడితే ఒక సైకిల్. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇలా కొన్ని వందలు తట్టుకుంటుంది, కాబట్టి 38 లెక్కలోకే రాదు. రెండోది క్యాలెండర్ ఏజింగ్. ఇది వాడకపోయినా జరుగుతుంది. సెల్ లోపల గ్రాఫైట్ మీద ఉండే పలుచని పొర నెమ్మదిగా మందమవుతూ, ఛార్జ్ మోయాల్సిన లిథియాన్ని కొంచెం కొంచెం తినేస్తుంది. దీన్ని వేగంగా నడిపించేవి రెండు: నిండు ఛార్జ్, వేడి. ఎప్పుడూ ప్లగ్‌లో ఉండే ల్యాప్‌టాప్‌కు ఆ రెండూ ఉంటాయి. రోహిణి కార్తెలో మన నల్లగొండ షాపుల్లో ఫ్యాను కింద కూడా ఎంత వేడో మీకు చెప్పక్కర్లేదు. దానికి మిషను సొంత వేడి తోడు. అందుకే మీలాంటి వాడకంలో అసలు లెక్క క్యాలెండర్ ఏజింగ్‌దే.

అలాగని సర్వీస్ సెంటర్ మాట కూడా నిలవదు. ల్యాప్‌టాప్ ప్లగ్‌లో పెట్టి వాడుకునే వస్తువే. నిండగానే ఛార్జింగ్ ఆపే సర్క్యూట్ అందులోనే ఉంటుంది. మాన్యువల్‌లోనో వారంటీ షరతుల్లోనో అలా వాడకూడదని రాసి లేకపోతే దాన్ని దుర్వినియోగం అనడం కష్టం. అయితే ‘సహజ అరుగుదలకు వారంటీ వర్తించదు’ అనే షరతు చాలా కార్డుల్లో ఉంటుంది. మీదీ ఒకసారి చదవండి. అసలు పోరు ఆ ఒక్క వాక్యం మీదే జరుగుతుంది.

మీ రిపోర్టులో నాకు పనికొచ్చింది సైకిల్ కౌంట్ కాదు, కింద ఉన్న `Battery capacity history` పట్టిక. కొత్తలో నిండు సామర్థ్యం 50,000 mWh. మార్చి మొదట్లో 47,800. జూన్ చివర 43,900. ఇది వేసవిలో కాస్త వేగం పెరిగిన క్యాలెండర్ ఏజింగ్ లాగే ఉంది, దీని మీద మీకేమీ రాదు. కానీ జూలైలో ఒక్క వారంలో 31,200కు పడింది. పొర మందం కావడం వల్ల ఇలా ఒక్కసారిగా జారదు. లోపల ఒక సెల్ బలహీనపడి ఉండాలి, లేదా ఛార్జ్ ఎంతుందో లెక్కగట్టే బ్యాటరీ లోపలి మీటరు లెక్క తప్పి ఉండాలి. నెలల తరబడి ఛార్జర్‌కే ఉన్న బ్యాటరీలో మీటరు తప్పడం మామూలే.

నోటీసు ఇచ్చే ముందు ఇది తేల్చుకోండి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేస్తుంటే మాత్రం ఈ పని చేయకండి, వెంటనే వాడకం ఆపి ఫోటో తీయండి. లేకపోతే నిండా ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసి, దానంతట అది ఆగేదాకా వాడండి. మళ్లీ ఆపకుండా నింపి ఈ కమాండ్ ఇవ్వండి:

```
powercfg /batteryreport
```

`FULL CHARGE CAPACITY` మళ్లీ 43,000 దగ్గరికి వస్తే తప్పు మీటరుదే, కేసు లేదు. 31,000 దగ్గరే ఉండి, 30 శాతం చూపిస్తూనే మిషను టక్కున ఆగిపోతుంటే సెల్ లోపానికి అది బలమైన గుర్తు. వీడియో తీసి పెట్టుకోండి. నెమ్మదిగా, సాఫీగా దిగితే మాత్రం ఇన్నాళ్ల అరుగుదలను మీటరు దాచిపెట్టి ఉండొచ్చు. అప్పుడు కేసు బలం తగ్గుతుంది.

లోపమని తేలితే వారంటీ ముగిసేలోపే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, జాబ్ షీట్ తీసుకోండి. నోటిమాట నమ్మి ఈ రెండు నెలలు పోగొట్టుకోవద్దు. తర్వాత వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 35 కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కొన్నది ఎక్కడైనా మీరు ఉండేది ఇక్కడే కాబట్టి సెక్షన్ 34 అందుకు ఒప్పుకుంటుంది. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. షాపుకు కొన్నారు కదా, వినియోగదారుడు కాదంటారేమోనని టెన్షన్ వద్దు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నది వాణిజ్య అవసరం కిందికి రాదని సెక్షన్ 2(7) వివరణలోనే ఉంది. లోపం పరీక్షిస్తే తప్ప తేలదంటే సెక్షన్ 38 కింద ల్యాబ్‌కు పంపమని అడగండి. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి, చిన్న బ్యాటరీకి అది గిట్టుబాటవుతుందో లేదో చూసుకోండి. అందుకే ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి.

కొత్త బ్యాటరీ వచ్చాక సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టండి. కరెంటు కోతల్లో ఓ పావుగంట తగ్గినా, వచ్చే ఎండాకాలం నిండు ఛార్జ్‌తో గడపాల్సిన పని దానికి ఉండదు.