లియాన్ హోటల్‌లో అడుగుపెట్టగానే పలకవలసిన ఒక్క వాక్యం

చిరంజీవి సుధకు, మామయ్య ఆశీర్వచనాలు.

లియాన్ హోటల్‌లో రిసెప్షన్ దగ్గర మర్యాదగా పలకడానికి ఒక్క ఫ్రెంచి వాక్యం చాలునని, దానిని తెలుగు అక్షరాలలో రాసి పంపమని అడిగావు. నీ రైలు పార్ దియో స్టేషనుకు రాత్రి ఏడున్నరకు చేరుతుందన్నావు కనుక, ఆ వేళకు తగిన వాక్యాన్నే రాస్తున్నాను.

"బోఁస్వార్ మదామ్. జే యూన్ రెజెర్వస్యోఁ ఓ నోఁ ద గుళ్ళపల్లి, సిల్ వూ ప్లే."

"శుభ సాయంత్రం అమ్మా, గుళ్ళపల్లి అనే పేరు మీద నాకు గది రిజర్వు అయి ఉంది, దయచేసి చూడండి" అని దీని భావం. బల్ల వెనుక ఉన్నది పురుషుడైతే "మదామ్" బదులు "మెస్యో" అనాలి. నీవు పగటిపూట చేరి ఉంటే "బోఁజూర్" అనవలసి వచ్చేది. సాయంత్రం ఆరు గంటల ప్రాంతం నుంచి "బోఁస్వార్" అనడం అక్కడి వాడుక.

ఈ వాక్యంలో తక్కిన మాటలన్నీ తడబడినా పరవాలేదు కాని, మొదటి రెండు మాటలను మాత్రం వదలకూడదు. నేను మొదటిసారి ఆ దేశం వెళ్ళినప్పుడు, పెట్టె చేతిలో పట్టుకుని నేరుగా బల్ల దగ్గరకు నడిచి, ఇంగ్లీషులో నా బుకింగ్ సంగతి చెప్పడం మొదలుపెట్టాను. అక్కడున్న ఆవిడ నా మాట పూర్తి కానిచ్చి, నా ముఖంలోకి చూసి, నెమ్మదిగా "బోఁస్వార్ మెస్యో" అని ఊరుకుంది. అది ఆహ్వానం కాదు, నేను ఎగరగొట్టిన పలకరింపును నాకు గుర్తు చేయడం అని అర్థం కావడానికి నాకు కొన్ని క్షణాలు పట్టింది. మన ఊళ్ళో దుకాణంలోకి వెళ్ళి పలకరింపు లేకుండానే కిలో చక్కెర అడిగితే ఎవరూ తప్పు పట్టరు. అక్కడ ఎదుటి మనిషిని పలకరించకుండా పని అడగడం మోటుతనంగా తోస్తుంది. అందుచేత "బోఁస్వార్ మదామ్" అని, ఆవిడ బదులు పలికేదాకా ఆగి, ఆ తరువాతే తక్కిన వాక్యం అందుకో.

ఇక ఉచ్చారణ. నేను వాడిన అరసున్న అలంకారం కోసం కాదు. "బోఁ", "నోఁ", "వస్యోఁ" అన్న చోట్ల గాలి ముక్కులోంచి పోవాలి కాని నాలుక పైపళ్ళకు తగలకూడదు, పెదవులూ మూసుకోకూడదు. "బోన్‌స్వార్" అన్నావంటే నిండు "న" వచ్చేసిందన్నమాట. అద్దం ముందు నిలబడి "ఓ" అంటూ, ఆ ధ్వనిని ఆపకుండానే ముక్కులోకి పంపి చూడు. మాట ముగిసేసరికి నోరు తెరిచే ఉంటే సరిగా వచ్చినట్టు.

"జే"లోని "జ" మన "జీవం"లోని "జ" కాదు. "శ్‌" అని సాగదీస్తూ గొంతు మీద వేళ్ళు ఆనించు. అప్పుడు అదురు ఏమీ తెలియదు. నాలుకను కదపకుండా అదే చోట ఉంచి గొంతును పలికిస్తే వేళ్ళ కింద కంపనం తెలుస్తుంది, అదే ఆ ధ్వని. "రెజెర్వస్యోఁ"లోని "జె" ఇంకొక రకం, మనం "రోజు" అన్నప్పుడు వచ్చే మెత్తని "జ" దానికి చాలా దగ్గర. ఆ మాట చివర ఇంగ్లీషు అలవాటు కొద్దీ "షన్" రానీయకు. "యూన్" అన్న మాటను తెలుగు అక్షరాలు సరిగా పట్టలేవు. నాలుకను "ఈ" అనడానికి ఉంచి, పెదవులను మాత్రం "ఊ" అనేటట్టు చుట్టి పలికితే అది వస్తుంది. ఫ్రెంచి "ర" గొంతు లోపలి నుంచి వస్తుంది, హైదరాబాదులో ఉర్దూ బాగా వచ్చినవారు "గజల్" అన్నప్పుడు వినిపించే "గ"కు అది దగ్గరి చుట్టం. అది రాకపోతే మన "ర" పలికినా వాళ్ళకు అర్థమవుతుంది, దాని కోసం శ్రమపడకు.

"మదామ్"లో "ద" మన "ద"యే. "మడామ్" అంటే ఇంగ్లీషు వాసన వేస్తుంది. ఇక్కడ తెలుగు నాలుక నీకు మేలు చేస్తుంది. అదే నాలుక కీడు చేసే చోటు మాట చివర. మనకు ప్రతి మాటకూ అచ్చు తగిలించే అలవాటు ఉన్నది కనుక "బోఁస్వారు", "యూను", "సిల్లు" అయిపోతాయి. పొల్లు రాసిన చోట పొల్లుగానే ఆపు.

"సిల్ వూ ప్లే" అంటే అక్షరాలా "మీకు ఇష్టమైతే" అని. అందులో "వూ" మన "మీరు" వంటిది. వాళ్ళకూ "నువ్వు" ఉంది, దానితో "సిల్ తె ప్లే" అవుతుంది. అది స్నేహితులతోనూ ఇంట్లోవాళ్ళతోనూ అనేది, హోటల్‌లో అనకూడదు.

నాకు నిజంగా బెంగ ఉన్నది నీ పేరు గురించే. ఫ్రెంచిలో "నోఁ" అంటే ఇంటిపేరు, సొంత పేరును "ప్రెనోఁ" అంటారు. కనుక "ఓ నోఁ ద" తరువాత సుధ అనకుండా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో ఉన్నదే చెప్పాలి. బుకింగ్ మీ ఆయన పేరుతో చేసి ఉంటే ఆ కాగితం మీద ఉన్న ఇంటిపేరే చెప్పాలి. నీవు "గుళ్ళపల్లి" అనగానే ఆవిడ చెవికి తోచినట్టు GOULAPALI అని కొడుతుంది, ఎందుకంటే మన "ఉ" ధ్వనిని వాళ్ళు రెండక్షరాలతో రాస్తారు. ఆ పేరుతో ఏమీ దొరకదు. అప్పుడు నీవు ఇంగ్లీషు పద్ధతిలో అక్షరాలు చెప్పబోతే ఇంకా చిక్కుపడుతుంది. మనం "జీ" అని పిలిచే G అక్షరాన్ని వాళ్ళు "జే" అంటారు, మనం "జే" అనే J ను "జీ" అంటారు. నీవు "జీ" అంటే ఆవిడ J కొడుతుంది, "ఏ" అంటే E కొట్టే ప్రమాదం ఉంది. అందుచేత వాక్యం పలుకుతూనే, పెద్ద అక్షరాలలో GULLAPALLI అని అచ్చయిన బుకింగ్ కాగితాన్ని బల్ల మీద ఆవిడ వైపుకు తిప్పి పెట్టు. మర్యాద నోటితో జరుగుతుంది, పేరు కాగితం చూసుకుంటుంది.

ఆ తరువాత ఆవిడ చకచకా ఏదో అడుగుతుంది. అందులో "పాస్‌పోర్" అన్న మాట పట్టుకుంటే చాలు. ఫ్రాన్సులో దిగే విదేశీయుల చేత హోటల్‌వాళ్ళు పోలీసుల నిమిత్తం ఒక ఫారం నింపించి సంతకం తీసుకుంటారు, దానికి భయపడనవసరం లేదు. ఫారంలో "నోఁ", "ప్రెనోఁ" గడులే మళ్ళీ ఎదురవుతాయి. పలకరింపు ఫ్రెంచిలో వినగానే చాలామంది తామే ఇంగ్లీషులోకి మారతారు. మారినా నీవు చిన్నబుచ్చుకోకు, నీ వాక్యం చేయవలసిన పని అప్పటికే చేసింది.

తాళం చేతికిస్తూ ఆవిడ "బోన్ స్వారే" అనవచ్చు. అక్కడ "న" నిండుగానే వినిపిస్తుంది, నీ సాయంత్రం బాగా గడవాలని దాని అర్థం. దానికి "మెర్సీ మదామ్" అను.

ఇట్లు,
మీ మామయ్య