గొంతువాపు: వానలు దగ్గరపడ్డాక టీకా పనిచేస్తుందా?

"నిన్న ఉదయం బాగా మేసిన ఏడాదిన్నర పడ్డ రాత్రికి గొంతు వాచి, తెల్లారేసరికి చనిపోయింది. ఇంకో మూడు గేదెలున్నాయి. పది రోజుల్లో వానలు. ఇప్పుడు టీకా వేయించొచ్చా?"

మీరు చెప్పిన తీరు చూస్తే గొంతువాపు అనే అనిపిస్తోందండీ. ఆ వయసు దూడల్లోనే ఇది ఎక్కువ. జ్వరం లేని గేదెలకు ఇవాళే టీకా వేయించండి. అయితే రక్షణ రావడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. అందుకే వానలకు నెల ముందే వేయించాలి. పటిక కలిపిన టీకా బలం ఆరు నెలల్లోపే తగ్గిపోతుంది కాబట్టి ఏటా మళ్లీ వేయించాలి.

ఈ మూడు వారాలూ రోజుకు రెండుసార్లు థర్మామీటరు పెట్టండి. 104 దాటితే, వాపు లేకపోయినా, మేత తింటున్నా వెంటనే డాక్టరును పిలవండి. మందు పనిచేసేది ఆ కొద్ది గంటల్లోనే. చొంగ కారి, గురక మొదలయ్యాక బతకడం చాలా కష్టం. అప్పుడు నోట్లో మందులు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

దవడ కింద వాపును వేలితో నొక్కి చూడండి. గొంతువాపైతే వేడిగా, గట్టిగా ఉంటుంది, గేదె నొప్పితో తల లాక్కుంటుంది. చల్లగా, మెత్తగా, నొప్పి లేకుండా వేలాడితే అది చాలావరకు జలగవ్యాధి వాపు.

చనిపోయిన పడ్డను కోయనివ్వకండి, సున్నం వేసి లోతుగా పూడ్చండి. ముక్కు నుంచి నల్లటి రక్తం కారి ఉంటే దొమ్మ కావచ్చు, ముట్టుకోకుండా ముందు డాక్టరుకు చెప్పండి.